మూత్రంలో రక్తం: స్ట్రిప్ పరీక్ష నుంచి సిస్టోస్కోపీ దాకా ఏది ముందు, ఏది తర్వాత

మూత్రం ఒకటి రెండు రోజులు ఎర్రగా పడి, మాత్రలు వేసుకున్నాక తగ్గిపోయింది, ఇంకా పరీక్షలు అవసరమా అని అడిగేవారు మా ఓపీలో వారానికి నలుగురైదుగురు ఉంటారు. మూత్రంలో ముంచి రంగు చూసే స్ట్రిప్‌లో రక్తం ఉందని రిపోర్టు వచ్చింది, కంటికి మాత్రం ఏమీ కనబడటం లేదు, దీన్ని పట్టించుకోవాలా అని అడిగేవారు అంతకంటే ఎక్కువ. పెద్దవారి విషయంలో ఈ రెండింటికీ పరీక్షలు ఏ వరుసలో జరగాలో, ఎక్కడ దారి తప్పే అవకాశం ఉందో ఇక్కడ రాస్తున్నాను. వెంట ఒక రోగి కథ కూడా నడుస్తుంది. గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను.

పరకాల వైపు నుంచి వచ్చిన ఆయనకు 62 ఏళ్లు. పత్తి రైతు. నలభై ఏళ్లుగా రోజుకొక కట్ట బీడీ తాగుతున్నారు. "పత్తి ఏరేటప్పుడు ఒక దినం ఉచ్చ ఎర్రగ పడ్డది సారూ, నొప్పి గిప్పి ఏం లేదు. వేడి చేసిందనుకున్న. సబ్జా నీళ్లు తాగిన, ఊళ్లె గోలీలు ఇస్తే ఏసుకున్న, మూడొద్దులకు తగ్గిపాయె" అన్నారు. అది జరిగిన నాలుగు నెలలకు మళ్లీ ఎర్రబడి, ఈసారి చిన్న రక్తపు గడ్డ కూడా పడితే అప్పుడు వచ్చారు.

1. మొదట చూడవలసింది: ఆగగలిగిన పరిస్థితేనా?

కింది వాటిలో ఏది ఉన్నా ఈ వ్యాసం పక్కన పెట్టి, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

- రక్తపు గడ్డలు అడ్డుపడి మూత్రం బిగుసుకుపోవడం, పొత్తికడుపు ఉబ్బి నొప్పి పుట్టడం
- ఎర్రటి మూత్రంతో పాటు చలిజ్వరం, నడుము పక్కన తీవ్రమైన నొప్పి
- కళ్లు తిరగడం, చెమటలు పట్టడం, ముఖం పాలిపోవడం
- పాము కాటు తర్వాత మూత్రం ఎర్రబడటం; రక్తపింజర కాటు రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తుంది
- ముఖం, కాళ్లు వాచి, మూత్రం బాగా తగ్గిపోవడం

గడ్డలతో మూత్రం ఆగిన మనిషికి మామూలు సన్నటి కెథెటర్ వేస్తే అది కూడా గడ్డలతో మూసుకుపోతుంది. లావుగా ఉండే మూడు దారుల కెథెటర్ వేసి మూత్రాశయాన్ని కడగవలసి ఉంటుంది కాబట్టి, ఆ సౌకర్యం ఉన్న ఆస్పత్రికే నేరుగా వెళ్లడం మేలు.

పైవేవీ లేకపోతే పరీక్షలకు కొన్ని రోజుల సమయం ఉందని అర్థం. నెలల సమయం ఉందని మాత్రం కాదు. పరకాల రైతుకు నొప్పి లేదన్న మాటే ధైర్యమిచ్చింది, నాకు మాత్రం అదే కలవరం కలిగించింది. మంటతో, నొప్పితో వచ్చే రక్తానికి ఇన్‌ఫెక్షనో రాయో కారణమయ్యే అవకాశం ఎక్కువ. నడివయసు దాటిన మనిషికి నొప్పి లేకుండా కంటికి కనిపించేంత రక్తం పడితే, మరో కారణం తేలేవరకు మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ ఉండవచ్చన్న అనుమానంతోనే ముందుకు సాగాలి.

2. నమూనా ఇచ్చే పద్ధతి

తప్పుడు రిపోర్టుల్లో చాలా భాగం ఇక్కడే పుడతాయి. నర్సంపేట నుంచో, భూపాలపల్లి నుంచో పొద్దున్నే పట్టిన మూత్రాన్ని సీసాలో పోసుకుని బస్సులో రెండు మూడు గంటలు ప్రయాణించి తెచ్చేవారు ఉన్నారు. ఎండకు వేడెక్కిన ఆ సీసాలో ఎర్రకణాలు చిట్లిపోతాయి, క్రిములు పెరుగుతాయి. ఉన్న రక్తం కనబడకపోవచ్చు, లేని ఇన్‌ఫెక్షన్ కనబడవచ్చు.

- నమూనా ల్యాబ్‌లోనే ఇవ్వాలి. గంటలోపు పరీక్ష జరగాలి.
- ముందు శుభ్రమైన నీటితో కడుక్కోవాలి. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను మాత్రమే డబ్బాలో పట్టాలి.
- డబ్బా ల్యాబ్ ఇచ్చిన కొత్తదే కావాలి. బ్లీచింగ్‌తో కడిగిన సీసా వాడితే స్ట్రిప్ రక్తం లేకున్నా ఉన్నట్టు చూపిస్తుంది.
- స్త్రీలు నెలసరి రోజుల్లో ఇవ్వకూడదు. నెలసరి ఆగిపోయినవారు రక్తం మూత్రంలో పడుతోందో, యోనిమార్గం నుంచి వస్తోందో గమనించి చెప్పాలి. యోని నుంచి అయితే ముందు స్త్రీల వైద్యులు చూడాలి.
- బరువులు మోయడం, దూరం పరుగెత్తడం వంటి శ్రమ చేసి ఉంటే రెండు మూడు రోజుల విశ్రాంతి తర్వాత ఇవ్వాలి.

వీలైతే ఎర్రగా పడిన రోజున ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచండి. రంగు గురించి మాటల్లో చెప్పినదానికీ ఫొటోలో కనిపించేదానికీ చాలాసార్లు పొంతన ఉండదు. మూత్రం మొదట్లో ఎర్రగా పడి తర్వాత తేటబడిందా, చివర్లోనే ఎర్రబడిందా, మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉందా అన్నది కూడా గమనించండి. మొదట్లో మాత్రమే అయితే మూత్రనాళం వైపు, చివర్లో మాత్రమే అయితే మూత్రాశయపు మెడ వైపు చూస్తాం. మొత్తం ఎరుపైతే మూత్రాశయం నుంచి కిడ్నీ దాకా ఎక్కడైనా కావచ్చు.

3. స్ట్రిప్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

స్ట్రిప్ మీది రక్తపు గడి నిజానికి ఎర్రకణాలను లెక్కపెట్టదు. ఎర్రకణాల్లోని హీమ్ అనే పదార్థం జరిపే రసాయన చర్యను బట్టి రంగు మారుతుంది. అందువల్ల కణాలు లేకుండా హీమోగ్లోబిన్ ఒక్కటే ఉన్నా, కండరాల నుంచి వచ్చే మయోగ్లోబిన్ ఉన్నా ఆ గడి ఆకుపచ్చగా మారుతుంది. మే నెల ఎండలో రోజంతా పనిచేసి సొమ్మసిల్లిన కూలీకి మూత్రం నల్ల టీ రంగులో పడి, స్ట్రిప్‌లో రక్తం బలంగా కనిపించి, సూక్ష్మదర్శినిలో కణాలు లేకపోతే అది కండరాలు దెబ్బతిన్న సూచన. ఆయనకు కావలసింది మూత్రాశయంలోకి కెమెరా గొట్టం పంపి చూసే సిస్టోస్కోపీ కాదు, కండరాల దెబ్బను చూపే సీపీకే, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్షలతో పాటు వెంటనే సెలైన్.

దీనికి ఎదురు కూడా జరుగుతుంది. విటమిన్ సి బిళ్లలు ఎక్కువగా వేసుకునేవారిలో ఉన్న రక్తాన్ని స్ట్రిప్ పట్టుకోలేకపోవచ్చు. క్షయకు రిఫాంపిసిన్ వాడేవారికి మూత్రం నారింజ ఎరుపులో పడుతుంది, బీట్‌రూట్ తిన్న కొందరికి గులాబీ రంగులో పడుతుంది. ఇలాంటప్పుడు రంగు ఉంటుంది కానీ రక్తపు గడి మారదు.

స్ట్రిప్ చదివేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు. మూత తీసి వదిలేసిన డబ్బాలోని స్ట్రిప్‌లు తేమ తగిలి పాడవుతాయి. రక్తపు గడిని చాలా కంపెనీల స్ట్రిప్‌లలో 60 సెకన్లకు చదవాలి. ముంచిన స్ట్రిప్‌ను బల్ల మీద పెట్టి మరో పని చూసుకుని వచ్చి చదివితే ఆ రంగుకు విలువ లేదు. స్ట్రిప్ పాజిటివ్ వచ్చిందని ఎవరికీ జబ్బు పేరు పెట్టకూడదు. అది తర్వాతి మెట్టుకు పంపే చీటీ మాత్రమే.

4. సూక్ష్మదర్శిని కింద లెక్క

మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరినదాన్ని 400 రెట్లు పెద్దదిగా చూపే కటకం కింద చూస్తారు. కటకంలో ఒకసారి కనిపించేంత మేరను ఫీల్డ్ అంటారు. ఒక ఫీల్డ్‌లో 3 లేదా అంతకంటే ఎక్కువ ఎర్రకణాలు ఉంటేనే కంటికి కనబడని రక్తస్రావం ఉందని లెక్క. సరిగ్గా పట్టిన ఒక్క నమూనాలో కనిపించినా చాలు. రిపోర్టులో "కొద్దిగా ఉన్నాయి" అని కాకుండా అంకె రాయమని అడగండి, ఎందుకంటే 4 కణాలున్న మనిషికీ 40 కణాలున్న మనిషికీ తర్వాతి దారులు వేరు.

స్ట్రిప్ పాజిటివ్, సూక్ష్మదర్శినిలో కణాలు లేవు అని వస్తే మంచి పద్ధతిలో ఇంకో నమూనా ఇవ్వాలి. మళ్లీ అలాగే వచ్చి, మూత్రం రంగు మామూలుగా ఉండి, ఒంట్లో వేరే ఇబ్బంది లేకపోతే ఈ పరీక్షల వరుసను అక్కడితో ఆపవచ్చు.

పరకాల రైతు రిపోర్టులో రక్తం మూడు ప్లస్, ఫీల్డ్ నిండా ఎర్రకణాలు, ప్రొటీన్ ఆనవాలు మాత్రమే, చీముకణాలు 4 నుంచి 6.

5. కల్చర్ ముందు, యాంటీబయాటిక్ తర్వాత

అన్నిటికంటే ఎక్కువ కాలం వృథా అయ్యేది ఈ మెట్టు దగ్గరే. మూత్రాశయంలోని గడ్డ రోజూ రక్తం కార్చదు. ఒక రోజు కారి, తనంతట తాను ఆగి, వారాలో నెలలో గడిచాక మళ్లీ కారుతుంది. ఆ ఒక్క రోజున యాంటీబయాటిక్ మొదలుపెడితే, తానుగా ఆగే రక్తం మందుతో ఆగినట్టు అనిపిస్తుంది. పరకాల రైతుకు మొదటిసారి జరిగింది సరిగ్గా ఇదే. అప్పుడు ఎవరూ మూత్రం పరీక్ష చేయించలేదు కాబట్టి ఇన్‌ఫెక్షన్ ఉందో లేదో ఇప్పుడు తేల్చే దారి లేదు. స్త్రీలలో ఈ ఆలస్యం ఇంకా ఎక్కువగా చూస్తాను. ప్రతిసారీ "యూరిన్ ఇన్‌ఫెక్షనే" అన్న మాటతో మూడు నాలుగు కోర్సులు వాడి, మూత్రంలోని క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్ష ఒక్కసారి కూడా చేయించని వారు వస్తుంటారు.

సరైన వరుస ఇది:

- యాంటీబయాటిక్ మొదటి మాత్రకు ముందే కల్చర్‌కు నమూనా ఇవ్వాలి. ఫలితానికి సుమారు రెండు రోజులు పడుతుంది.
- క్రిమి పెరిగితే దానికి పనిచేసే మందు పూర్తి కోర్సు వాడాలి.
- కోర్సు ముగిసిన కొన్ని వారాలకు మూత్ర పరీక్ష మళ్లీ చేయాలి. ఎర్రకణాలు ఇంకా ఉంటే ఇన్‌ఫెక్షన్ ఒక్కటే కారణం కాదు, తర్వాతి మెట్టు ఎక్కాలి.
- చీముకణాలు బాగా ఉన్నా మామూలు కల్చర్‌లో ఏమీ పెరగకపోతే మూత్రమార్గపు క్షయను గుర్తు చేసుకోవాలి. దానికి వేరే పరీక్ష అడగాలి.

రక్తం పలచబడే మందులు వాడేవారి విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, గుండె కవాటం మార్చినవారు వాడే ఎసిట్రోమ్ వంటివి ఉన్న రక్తస్రావాన్ని బయటపెడతాయే తప్ప, చాలాసార్లు అవే కారణం కావు. వారికీ ఇవే పరీక్షలు జరగాలి. మందు మాత్రం గుండె వైద్యుణ్ని అడగకుండా ఆపకూడదు.

మా రైతు కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు.

6. కిడ్నీ వడపోతలోనా, మూత్రమార్గంలోనా?

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. కిడ్నీలోని వడపోత గుచ్ఛాలు వాచి రక్తం కారితే మూత్రం కోలా రంగులోనో పొగచూరినట్టో ఉంటుంది, రక్తపు గడ్డలు పడవు. వెంట ప్రొటీన్ ఎక్కువగా పోతుంది, బీపీ పెరుగుతుంది, క్రియాటినిన్ పెరగవచ్చు. సూక్ష్మదర్శినిలో ఎర్రకణాలు వంకరలు తిరిగి ఉంటాయి, కొన్నిసార్లు కణాలు గొట్టం అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి. ఆ అచ్చులు కనబడితే కారణం కిడ్నీలోనే ఉందని దాదాపు ఖాయం.

అందుకే ప్రతి ఒక్కరికీ బీపీ, సీరం క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్‌కూ క్రియాటినిన్‌కూ నిష్పత్తి చూడాలి. ఆ నిష్పత్తి 0.5 దాటితే, లేదా క్రియాటినిన్ పెరిగి ఉంటే కిడ్నీ వైద్యుణ్ని కలవాలి. రక్తం విపరీతంగా పడుతున్న రోజున ఆ రక్తం వల్లే ప్రొటీన్ కొంత ఎక్కువ కనిపిస్తుంది. తేటబడ్డాక మళ్లీ చూడాలి. కిడ్నీ జబ్బు ఉందని తేలినంత మాత్రాన మూత్రమార్గం పరీక్షలను కొట్టివేయకూడదు. బీడీ తాగే 60 ఏళ్ల మనిషికి రెండూ ఉండవచ్చు.

మా రైతుకు రక్తపు గడ్డ పడింది, బీపీ మామూలుగా ఉంది, క్రియాటినిన్ 1.1, నిష్పత్తి 0.2. దారి మూత్రమార్గం వైపే.

7. స్కానింగ్: ఎవరికి ఏది?

అమెరికన్ యూరాలజీ అసోసియేషన్ 2020లో ఇచ్చి 2025లో సవరించిన మార్గదర్శకాలను నేను అనుసరిస్తాను. కంటికి కనిపించేంత రక్తం ఒక్కసారి పడినా, వేరే కారణం తేలనంతవరకు సిస్టోస్కోపీ, కిడ్నీలూ వాటి గొట్టాలూ ఉండే పై మార్గానికి స్కానింగ్ రెండూ కావాలి. కంటికి కనబడని రక్తానికి మాత్రం ముప్పును బట్టి మూడు గుంపులు ఉన్నాయి.

తక్కువ ముప్పు అంటే 40 లోపు పురుషులు, 60 లోపు స్త్రీలు. పొగ అలవాటు లేకపోవడమో చాలా స్వల్పంగా ఉండటమో. ఫీల్డ్‌కు 3 నుంచి 10 కణాలు. ఇవన్నీ కలిసి ఉంటేనే ఈ గుంపు. వీరికి ఆరు నెలల్లోపు మూత్ర పరీక్ష మళ్లీ చేస్తే చాలు. అప్పుడూ కణాలు ఉంటే పై గుంపుగా చూడాలి.

మధ్యస్థ ముప్పు అంటే 40 నుంచి 59 పురుషులు, 60 నిండిన స్త్రీలు, లేదా 11 నుంచి 25 కణాలు, లేదా ఓ మోస్తరు పొగ అలవాటు. వీరికి సిస్టోస్కోపీ, కిడ్నీల అల్ట్రాసౌండ్.

ఎక్కువ ముప్పు అంటే 60 నిండిన పురుషులు, లేదా 25 దాటిన కణాలు, లేదా ఏళ్ల తరబడి బాగా పొగ తాగినవారు, లేదా ముందెప్పుడో కంటికి రక్తం కనిపించినవారు. ఈ నాలుగింటిలో ఒక్కటి ఉన్నా చాలు. వీరికి సిస్టోస్కోపీ, సీటీ యూరోగ్రామ్.

ఆ మార్గదర్శకాల్లో పొగ లెక్కను ఎన్ని సిగరెట్ ప్యాకెట్లు తాగారన్నదాన్ని బట్టి రాశారు. మన దగ్గర బీడీ చిన్నది కాబట్టి తక్కువ హాని అనుకోవడం వల్ల లెక్క తప్పుతుంది. నేనైతే బీడీని సిగరెట్ కంటే తక్కువ చేసి లెక్కించను. సిరిసిల్ల వైపు అద్దకం రంగులతో పనిచేసినవారు, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవారు ఆ సంగతి డాక్టరు అడగకపోయినా చెప్పాలి.

స్కానింగ్ దగ్గర తరచూ జరిగే పొరపాట్లు మూడు.

మొదటిది, ఖాళీ మూత్రాశయంతో అల్ట్రాసౌండ్ చేయించుకోవడం. గోడలు ముడుచుకుని ఉంటే చిన్న గడ్డ మడతల్లో దాక్కుంటుంది. స్కానింగ్‌కు గంట ముందు నీళ్లు తాగి, మూత్రాన్ని ఆపుకుని వెళ్లాలి.

రెండోది, సీటీ యూరోగ్రామ్ రాస్తే సాదా సీటీ కేయూబీ చేయించుకుని రావడం. సాదా సీటీ రాయిని బాగా చూపిస్తుంది, కిడ్నీ గొట్టాల లోపలి పొరలోని గడ్డను చూపించలేదు. యూరోగ్రామ్‌లో కాంట్రాస్ట్ మందు ఎక్కించి, అది కిడ్నీకి చేరినప్పుడు ఒకసారి, నిమిషాలు గడిచి గొట్టాల్లోకి దిగాక మరోసారి బొమ్మలు తీస్తారు. ఆ చివరి బొమ్మలు లేకపోతే అది యూరోగ్రామ్ కాదు. దీనికి ముందు క్రియాటినిన్ రిపోర్టు చూపాలి. పాత కాంట్రాస్ట్ అలర్జీ, గర్భం, మెట్‌ఫార్మిన్ వాడకం ఉంటే చెప్పాలి. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవారికి ఎమ్మారై వంటి వేరే దారులున్నాయి.

మూడోది, స్కానింగ్ నార్మల్ అని రాగానే ఆగిపోవడం. మా రైతుకు మూత్రాశయం నిండుగా ఉంచి చేసిన అల్ట్రాసౌండ్ నార్మలే. ప్రోస్టేట్ కొద్దిగా పెరిగిందని మాత్రం రాశారు. సీటీ యూరోగ్రామ్‌లో రెండు కిడ్నీలూ గొట్టాలూ శుభ్రంగా ఉన్నాయి. "అన్నీ మంచిగనే ఉన్నయన్నరు గద సారూ, ఇగ పైపు ఎందుకు?" అని అడిగారు. "కాకా, స్కాన్ బయటి నుంచి గోడను చూస్తుంది. లోపలి పూతను చూడాలంటే లోపలికే పోవాలె" అన్నాను.

8. సిస్టోస్కోపీ

ఈ పేరు వినగానే వెనక్కి తగ్గేవారు ఎక్కువ కాబట్టి ఏం జరుగుతుందో చెబుతాను. వంగే గొట్టంతో అయితే ఓపీ గదిలోనే చేస్తారు. మూత్రద్వారంలో లిగ్నోకెయిన్ జెల్ పెట్టి కొన్ని నిమిషాలు ఆగుతారు. తర్వాత కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని నీటి ధారతో పాటు లోపలికి పంపి, మూత్రాశయపు గోడలన్నీ వరుసగా చూస్తారు. చూడటానికి పట్టేది పది నిమిషాల లోపే. వంగని గొట్టంతో అయితే, ముఖ్యంగా పురుషులకు, వెన్నులో మత్తు ఇచ్చి ఆపరేషన్ గదిలో చేస్తారు. ఏ గొట్టంతో చేస్తారో ముందే అడిగితే పరగడుపున రావాలా, తోడు ఎవరైనా కావాలా అన్నది తెలుస్తుంది.

వెళ్లే ముందు సరిచూసుకోవలసినవి:

- ఇటీవలి కల్చర్ రిపోర్టు. ఇన్‌ఫెక్షన్ ఉంటే తగ్గేవరకు వాయిదా వేయాలి
- రక్తం పలచబడే మందుల జాబితా
- సీటీ ఫిల్ములు, రిపోర్టు రెండూ
- గుండె కవాటం, కృత్రిమ కీలు వంటివి ఉంటే ఆ వివరం

జెల్ పెట్టిన వెంటనే గొట్టం పంపడం వల్ల అనవసరంగా నొప్పి పుడుతుంది. ఆ కొన్ని నిమిషాలు ఆగమని రోగి అడగడంలో తప్పేమీ లేదు. పురుషులకు గొట్టం ప్రోస్టేట్ దగ్గరికి వచ్చినప్పుడు ఒత్తిడిగా అనిపిస్తుంది. అప్పుడు మూత్రం పోస్తున్నట్టు ఒళ్లు వదులు చేస్తే సులువుగా దాటుతుంది.

తర్వాత ఒకటి రెండు రోజులు మంట, లేత గులాబీ రంగు మామూలే. నీళ్లు బాగా తాగాలి. జ్వరం, చలి, గడ్డలు, మూత్రం ఆగిపోవడం మాత్రం మామూలు కాదు. అదే రోజు తిరిగి రావాలి.

మూత్రంలో క్యాన్సర్ కణాలు వెతికే సైటాలజీ పరీక్షను దీనికి బదులుగా చేయించుకోవాలనుకునేవారు ఉన్నారు. తీవ్రత తక్కువ ఉన్న గడ్డలను అది తరచుగా పట్టుకోలేదు. నార్మల్ సైటాలజీ కాగితం చూసి సిస్టోస్కోపీ మానుకోవడం ప్రమాదం.

మా రైతుకు ఎడమ కిడ్నీ నుంచి వచ్చే గొట్టం మూత్రాశయంలోకి తెరుచుకునే చోటుకు కొంచెం పైన, సుమారు 8 మిల్లీమీటర్ల మేర, నీటిలో కదిలే నాచులాంటి చిన్న గడ్డ కనిపించింది. ప్రోస్టేట్ పెరుగుదల ఉన్నా రక్తం అక్కడి నుంచి రావడం లేదు. ప్రోస్టేట్ మీద నెపం వేసి ఆగి ఉంటే ఇది దొరికేది కాదు.

9. దొరికితే, దొరకకపోతే

గడ్డ దొరికితే మత్తు ఇచ్చి గొట్టం దారినే దాన్ని గీకి తీసి బయాప్సీకి పంపుతారు. ముక్కలో కండరపు పొర కూడా ఉందా అని బయాప్సీ రిపోర్టులో తప్పక చూడాలి, ఎందుకంటే గడ్డ కండరంలోకి పాకిందా లేదా అన్నదాన్ని బట్టే చికిత్స మారుతుంది. మా రైతుకు అది పై పొరకే పరిమితమైన, తీవ్రత తక్కువ రకం క్యాన్సర్‌గా తేలింది. ఇలాంటివి మళ్లీ మొలిచే గుణం కలవి కాబట్టి మూడు నెలలకు సిస్టోస్కోపీ మళ్లీ చేశాం, ఏమీ లేదు. తర్వాతి తేదీ కూడా రాసిచ్చాం. బీడీ మానేశానన్నారు. జేబులో కట్ట మాత్రం కనబడుతూనే ఉంది.

ఏమీ దొరకకపోతే, కంటికి కనబడని రక్తం ఉన్నవారు సంవత్సరంలోపు మూత్ర పరీక్ష మరోసారి చేయించవచ్చు. అప్పుడు కణాలు లేకపోతే ఈ పరీక్షలు ఆపవచ్చు. ఉంటే మళ్లీ ఏం చేయాలో డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఈలోగా ఎప్పుడైనా కంటికి ఎరుపు కనిపిస్తే, పాత నార్మల్ రిపోర్టులు ఎన్ని ఉన్నా, నమూనా ఇచ్చే మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. ఫైలులో స్ట్రిప్ ఫలితం, కణాల అంకె, కల్చర్, క్రియాటినిన్, సీటీ, సిస్టోస్కోపీ రిపోర్టులను తేదీల వరుసలో పెట్టి ఉంచుకుంటే ఆ రోజున చేసినవే మళ్లీ చేయించుకునే ఖర్చు తప్పుతుంది.